ముందు తుమ్మెద, తరువాత తామర

మా మేనమామకు ఆబిడ్స్‌లో ఒక సందులో అచ్చుకూటం ఉంది. పెద్దరోడ్డు మీద అద్దాల వెనక విలాయతీ టోపీలు, బూట్లు మెరిసే దుకాణాలు ఉంటాయి కదా, వాటి వీపు వైపున, ఎండ పొద్దున ఒక గంట మాత్రమే పడే సందు. కాలితో తొక్కే యంత్రం ఒకటి, అక్షరాల పెట్టెలు నాలుగు, ఒక కంపోజిటరు, మామ. పెళ్లి పత్రికలు, సబ్బు చీటీలు, దుకాణాల రసీదు పుస్తకాలు వేసుకుంటూ సుఖంగా ఉండేవాడు. ఆయనకు సాహిత్యం అంటించింది పండితులవారు.

పండితులవారి పేరు రాయను. రాస్తే సంతోషిస్తారు, అందుకని. ఒక బాలికల బడిలో తెలుగు చెప్పేవారు. మడత నలగని ఉత్తరీయం, జేబులో ముక్కుపొడి డబ్బా, నోట్లో ఎప్పుడూ సగం శ్లోకం. మిగతా సగం ఎవరూ అడగరన్న ధైర్యం ఆయనకు ఉండేది, మా నాన్న లాంటి వాళ్లు ఉన్నంతకాలం ఆ ధైర్యానికి లోటు లేదు. నాన్న నాంపల్లి స్టేషన్‌లో గూడ్సు గుమాస్తా. ఉర్దూ చక్కగా చదువుతారు, లెక్క తప్పరు, బస్తా చూసి బరువు చెప్పగలరు. కాని తనకు అర్థంకాని మాట ఎవరు చెప్పినా చేతులు కట్టుకుని వింటారు. పండితులవారి మాట నాన్నకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కాబట్టి మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు.

ఆ తిరుగులేని మాట ఒకటి నాకు కావలసి ఉండింది. నేను ఎనిమిదో తరగతి పాసై రెండేళ్లుగా ఇంట్లో కూర్చున్నాను. పై తరగతుల్లో చేరతానని అమ్మ ద్వారా అడిగించాను. నాన్న మొహం చూసి అడిగే అలవాటు నాకు లేదు. నాన్న కాదనలేదు.

"ఆడపిల్లను మెట్రిక్ దాక తోలాల్నా వద్దా నాకేం తెలుస్తది? పండితులవారు తగునంటే తోల్త. తగదంటే ఇంట్ల ఉంటది" అన్నారు.

పండితులవారిని అడిగారు. ఆయన "చూతము" అన్నారు. ఏడాదిన్నర పాటు చూస్తూనే ఉన్నారు. ఈలోగా నేను మామ కోఠీలో పాత పుస్తకాల దుకాణాల నుంచి తెచ్చిచ్చిన పుస్తకాలు చదువుతూ, డైరీ రాసుకుంటూ, ఎవరైనా ఇంటికి వస్తే తలుపు తెర వెనక్కి జరుగుతూ కాలం గడిపాను.

పండితులవారు బడి పిల్లల కోసం ఇన్నేళ్లలో నలభై పద్యాలు రాశారు. ఒక్కొక్క పద్యానికి ఒక తాత్పర్యం. మామ వాటిని పుస్తకంగా వేయడానికి ఒప్పుకున్నాడు. బడుల్లోకి వెళ్లాలంటే పుస్తకం ఒక సర్కారు దఫ్తరు మంజూరు పొందాలి. అక్కడి పెద్ద అధికారికి తెలుగు రాదు. కింద ఒక తర్జుమా గుమాస్తా ఉంటాడు. అతను పద్యం పక్కన ఉన్న వచనాన్ని ఉర్దూలో పెడితే అధికారి చదివి, ఇందులో తగని సంగతి లేదని నమ్మకం కుదిరాక దస్తకత్తు, అంటే సంతకం, చేస్తారు. లడాయి రోజులు, యుద్ధకాలం. దఫ్తర్లలో అందరికీ అన్నిటి మీదా అనుమానం. మామ మాత్రం ఆగలేదు. కాగితం మళ్లీ దొరుకుతుందో లేదోనని పద్యాల భాగం ముందే అచ్చు కొట్టేశాడు. వచనాల భాగం వెనక వేద్దామని రాతప్రతినే దఫ్తరుకు ఇచ్చాడు.

ఒక శుక్రవారం, నాన్నకు సెలవు, మామ చంకలో కాగితాల కట్టతో వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"అక్కా, జర చాయ్ పెట్టు. నా కితాబు వాపస్ వచ్చింది."

"ఏమైంది తమ్మీ, పద్యాలు మంచిగ లేవన్నరా?" అంది అమ్మ లోపలినుంచి.

"పద్యాల ముచ్చట గాదు. గొడ్డలి ముచ్చట."

నాన్న ఆ ఉర్దూ కాగితం తీసుకుని మాకు తెలుగులో చదివి వినిపించారు. 'విద్య' అన్న పద్యం గురించి రాశాడు తర్జుమా గుమాస్తా. పద్యంలో విద్యను ముందు చీకట్లో దీపం అన్నారు, తరువాత వరదలో ఓడ అన్నారు, తరువాత అజ్ఞానమనే చెట్టును కొట్టే గొడ్డలి అన్నారు, ఆఖరికి తల్లిపాలు అన్నారు, తాగినవాడు ఒడ్డు చేరతాడన్నారు. పండితులవారి తాత్పర్యం ఇలా ఉంది: విద్య తల్లిపాలవలె పోషించి ఓడవలె దాటించును, కావున విద్యార్థులు గురువులకు విధేయులై మెలగవలెను.

"వచనంల దీపం లేదు, గొడ్డలి లేదు" అని నాన్న చదివారు. "గురువులు ఉన్నరు, పద్యంల లేరు. గొడ్డలిని ఎందుకు దాచిన్రు? గురువులను ఎందుకు తెచ్చిన్రు? పద్యంల ఏ వస్తువు ఏ వరుసల వస్తే వచనంల గదే వరుసల రావాలె. కలపొద్దు, తీయొద్దు, ముందుకూ వెనకకూ జరపొద్దు. నలభై పద్యాలకూ గిట్ల రాసి మళ్ల దాఖలు చేయాలె."

"గొడ్డలి దాచిండట!" అన్నాడు మామ. "పంతులుగారి ఇంట్ల తరకారి కోసే కత్తి గూడ ఉండదు."

పండితులవారికి ఈ సంగతి చెబితే ఆయన నొచ్చుకున్నారట. తాత్పర్యం అంటే పద్యానికి పరమార్థమనీ, అందులో కవి హృదయం ఉంటుందనీ, గొడ్డళ్లూ దీపాలూ ఏరుకోవడం కూలిపని అనీ సెలవిచ్చారట. కూలిపని అన్నారు కనుక అది నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు రాస్తవా?" అన్నాడు మామ తెర వైపు చూసి. "పేరు మాత్రం రాదు. అమ్మాయి తిరగరాస్తున్నది, అంతే అని చెప్పిన. పంతులుగారు సరే అన్నడు."

నేను తల ఊపాను. మామకు తెర ఊగడం కనబడి ఉంటుంది.

ఆ పని చూడటానికి తేలిక. నాలుగు పాదాల పద్యం తీసుకుని అందులో కనబడే వస్తువుల కింద పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకునేదాన్ని. సమాసాలు విప్పి, ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క వాక్యం. పద్యంలో పోలిక ఉంటే వచనంలో 'లాగా' అని తెలిసేట్టు రాయాలి, లేకపోతే గుమాస్తా నిజంగానే గొడ్డలి ఉందనుకుంటాడు. నా తరఫున ఏమీ చెప్పకూడదు. బాగుందనిపించినా చెప్పకూడదు, బాగాలేదనిపించినా సర్దకూడదు. ఈ చివరిదే కష్టం.

బడిలో మాకు నేర్పిన పద్ధతి వేరు. పద్యంలో మాటలు ఎక్కడెక్కడో ఉంటాయి. కర్తను వెతికి ముందుకు తేవాలి, క్రియను చివరకు తోయాలి, మధ్యలో మిగతావి అమర్చాలి. దానికి అన్వయం అని గౌరవమైన పేరుంది. అది నేర్చుకోకపోతే పాత పద్యం ఏదీ అర్థం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాని పండితులవారు మాటలను సర్దడంతో ఆగరు, సంగతులను కూడా సర్దేస్తారు. చిందరవందరగా ఉన్న ఇంటిని చుట్టాలు వచ్చేముందు సర్దినట్టు. చుట్టం వచ్చి ఎంత నీటుగా ఉందో అంటాడు, మంచం కింద ఏముందో చూడడు. నాకు ఒప్పజెప్పిన పని మంచం కింద చూసి వరుసగా రాయడం.

విద్య పద్యాన్నే అంకెలు వేసి రాశాను. విద్య చీకట్లో దీపం లాగా ఉంటుంది. వరదలో ఓడ లాగా ఉంటుంది. అజ్ఞానమనే చెట్టును గొడ్డలి లాగా కొడుతుంది. అది తల్లిపాల లాంటిది. దాన్ని తాగినవాడు ఒడ్డు చేరతాడు. రాసి చదువుకుంటే దీపపు చమురు తాగి, గొడ్డలి భుజాన వేసుకుని, ఓడ దిగుతున్న మనిషి ఒకడు నా కళ్ల ముందు నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను. ఒక్క అక్షరం మార్చలేదు. అలాగే ఉంది పద్యంలో.

ఇంకో సంగతి కూడా మెల్లగా తెలిసింది. ఏ మాట అర్థం కోసం వచ్చింది, ఏ మాట యతి కోసం వచ్చింది అన్నది వచనం రాసేటప్పుడు దాచలేము. కొన్ని మాటలు అంకె వేయించుకోవు. వాటికి ప్రత్యేకంగా చూపించే వస్తువు ఏదీ ఉండదు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు కూడా నిలబడి ఉండే మనిషిలాగా పద్యంలో నిలబడి ఉంటాయంతే.

పుస్తకంలో మొదటి పద్యం 'ప్రభాతము'. పండితులవారికి ప్రాణం. ఇరవై ఏళ్లుగా బడిలో చెబుతున్నారు. ఆ బడి పిల్లల నోట నేను కూడా అది వింటూ పెరిగిన దాన్నే.

తేటి తామరయొడి వీడి తేలి యెగిరె;
కొలని నీటను కమలము కులికి విరిసె;
తూర్పు నుదుటను రవిబొట్టు తొంగిచూచె;
కోడి లెమ్మని యూరెల్ల కూసి చెప్పె.

దీనికి ఆయన తాత్పర్యం: కోడి కూయగా సూర్యుడుదయించెను, తామరలు వికసించినవి, వానినుండి తుమ్మెదలు వెడలినవి, కావున బాలబాలికలు ప్రాతఃకాలముననే మేల్కొనవలెను. ఎంత సక్రమమైన తెల్లవారుజాము!

నేను అంకెలు వేశాను. ఒకటి తుమ్మెద, రెండు తామర, మూడు సూర్యుడు, నాలుగు కోడి. వచనం రాశాను. తుమ్మెద తామరపువ్వు ఒడిలోనుంచి బయటికి వచ్చి ఎగిరింది. చెరువు నీళ్లలో తామరపువ్వు కులుకుతూ విరిసింది. తూర్పుదిక్కు నుదుటి మీద సూర్యుడు బొట్టులాగా ఉండి తొంగిచూశాడు. కోడి ఊరందరినీ లేవమని కూసి చెప్పింది.

మళ్లీ చదివాను. మూడోసారి చదివాను. తప్పు నాదేమో అనుకున్నాను. పువ్వు విరియకముందే అందులోని తుమ్మెద ఎలా బయటికి వచ్చింది? పొద్దు పొడవకముందే పువ్వు ఎలా విరిసింది? అన్నీ అయిపోయాక కోడి ఎవరిని లేపుతోంది? బొట్టు తొంగిచూడటం సంగతి అడగనే అక్కరలేదు. ఇరవై ఏళ్లుగా ఎన్ని తరగతుల పిల్లలు ఈ పద్యం వల్లించారో, అందరం తాత్పర్యం వల్లించాం కనుక ఎవరికీ కనబడలేదు. ఆయనకు కూడా. తను రాసింది ఆయన ఎప్పుడూ చదవలేదు. తన తాత్పర్యం చదువుకున్నారు.

కోడిని ముందుకు తెద్దామా అని ఆ రోజంతా ఆలోచించాను. పండితులవారికి కోపం వస్తే నా చదువు గతి ఏమవుతుందో నాకు తెలుసు. కాని ముందుకూ వెనకకూ జరపొద్దని కాగితంలో ఉంది. జరిపితే గుమాస్తా మళ్లీ పట్టుకుంటాడు, పుస్తకం పోతుంది. డైరీలో "ఉన్నది ఉన్నట్టే పెట్టాను, భయంగా ఉంది" అని రాసుకున్నాను.

భయపడినంత ఏమీ కాలేదు, చాలా రోజుల వరకు. నేను రాసినవి మామ కొన్నికొన్నిగా తీసుకుపోయేవాడు. మామూలు వచనంలో చూడటానికి ఏముందని పండితులవారు చూడలేదు. ముప్పై ఒకటి పూర్తయ్యాయి. ఈసారి అచ్చులోనే దాఖలు చేద్దామని మామ వాటిని కంపోజు చేసి ప్రూఫు తీసి ఇచ్చాక పండితులవారు మొదటి పేజీ తెరిచారు. తెరిచిన పూటే మా ఇంటికి వచ్చారు. అదీ శుక్రవారమే. వెనకే మామ, పరిగెత్తినంత పని చేసి.

నాన్న కుర్చీ వేశారు. పండితులవారు కూర్చోలేదు. ప్రూఫు కాగితం నాన్న ముక్కు దగ్గర పెట్టారు. కోపం వస్తే ఆయన గ్రాంథికం కూడా ఉత్తరీయం లాగా భుజం మీదనుంచి జారిపోతుందని ఆ రోజే తెలిసింది.

"గిదేంది గిట్ల రాసిన్రు? ఇది నా పద్యం గాదు!"

"మీదే పంతులుగారు" అన్నాడు మామ. "మొదటి పేజీ. నేనే అచ్చేసిన."

"నా పద్యంల తెల్లవారుతది. గీ వచనంల తెల్లవారుతలేదు!"

"తెల్లవారుతున్నది పంతులుగారు. జర ఉల్టా తెల్లవారుతున్నది."

నాన్న నవ్వాలో వద్దో తెలియక గోడ గడియారం చూశారు. మామ వేళ్లు మడుస్తున్నాడు.

"చూడున్రి. తుమ్మెద బయటికొచ్చింది. ఎట్లొచ్చింది? తలుపు తీయనే లేదు గద. తలుపు రెండో లైన్ల తీసిన్రు. సరే, పువ్వు విచ్చుకున్నది. పొద్దు పొడిచిందా? లేదు. పొద్దు మూడో లైన్ల ఉన్నది. అందరు లేసి వాళ్ల వాళ్ల పనుల మీద పోయినంక కోడి లేసింది."

"పొద్దెక్కినంక కూసే కోడిని మా ఊళ్ల ఉంచరు" అని అమ్మ వంటింట్లో మెల్లగా అంది. మెల్లగానే అంది, కాని మా ఇల్లు చిన్నది.

పండితులవారి మొహం ఎర్రబడింది. గ్రాంథికాన్ని మళ్లీ భుజం మీద వేసుకున్నారు. "ఇరువది యేండ్లుగా బోధించుచున్నాను. ఒక్కరును ప్రశ్నింపలేదు. కోడితో ఆరంభించి తిరిగి వ్రాయింపుము."

"రాయిస్త. దఫ్తరోళ్లు కోడిని ఎందుకు ముందల్కి తెచ్చిన్రని అడుగుతరు. గొడ్డలి యాది ఉన్నది గద?"

"అట్లయిన పద్యమునే మార్చెదను."

"పద్యాలు అచ్చయిపోయినయి పంతులుగారు. మళ్ల వేయాలంటే కాగితం యాడికెల్లి తేవాలె? లడాయి నడుస్తున్నది."

పండితులవారు కుర్చీలో కూర్చున్నారు. పొడి డబ్బా తీసి పీల్చడం మరచిపోయి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. తెర సందులోంచి ఆయన్ను చూస్తుంటే ఒక నిమిషం జాలి వేసింది. జాలి కంటే ఎక్కువ, లెక్క వేసుకున్నాను. ఈ మనిషి ఇలా చిన్నబుచ్చుకుని మా గుమ్మం దిగితే నన్ను తగునని ఎన్నటికీ అనడు. ఆయన దిగకముందే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి. ఎవరూ చెప్పడం లేదు. పరాయి మనిషి ఎదుట అంతవరకు నేను నోరు తెరవలేదు.

"నిద్రలకెల్లి లేసిన మనిషికి మొదలు దగ్గర ఉన్నదే తెలుస్తది" అన్నాను తెర వెనకనుంచి. "తుమ్మెద చెవి పక్కకెల్లి పోయింది. యాడికెల్లి వచ్చిందని చూస్తే పువ్వు విరిసి ఉన్నది. పువ్వు ఎందుకు విరిసిందని తలెత్తితే పొద్దు. ఆఖరికి ఊరి చప్పుడు ఇనబడ్డది. పద్యం దగ్గరికెల్లి దూరం పోతున్నది. వరుస తప్పు గాదు."

అది అబద్ధమని నాకు తెలుసు. యతి కోసం 'కొలని'కి జత కావాలి కనుక 'కులికి' వచ్చింది, 'తూర్పు'కు జత కావాలి కనుక 'తొంగి' వచ్చింది. ఏ పాదం ముందు కుదిరితే ఆ పాదం ముందు కూర్చుంది. అంతకంటే రహస్యం ఆ పద్యంలో లేదు. కాని చెప్పాక విన్నాను కదా, బాగానే ఉంది.

మామ తెర వైపు చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"సరిగ్గా అదియే" అన్నారు పండితులవారు. "సరిగ్గా అదియే నా యుద్దేశము."

ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. సమీపమునుండి దూరమునకు పోవుట ఉత్తమ కవి మార్గమనీ, సామాన్యులు కోడితో మొదలుపెడతారనీ, తాను కావాలనే కోడిని వెనకకు నెట్టాననీ అరగంట చెప్పారు. నాన్న చేతులు కట్టుకున్నారు. పొడి డబ్బా బయటికి వచ్చింది. ఆ తరువాత ఒకటి రెండు సభల్లో కూడా ఈ మార్గం గురించి ఉపన్యసించారని విన్నాను.

ఆయన లేస్తుండగా నాన్న అడిగారు. నాన్న అడుగుతారని నేను ఆశపడ్డ క్షణం అదే.

"పండితులవారూ, మా బిడ్డ ముచ్చట ఏం చేసిన్రు? మెట్రిక్ క్లాసుకు తగునా?"

పండితులవారు ప్రూఫు కాగితాలు మడుస్తూ ఆలోచించి, నాన్నకు అర్థం కావాలని మామూలు మాటల్లోకి దిగారు. "అమ్మాయి దస్తూరి ముత్యాల్లెక్క ఉన్నది" అన్నారు. "కాని ఉన్న వరుసల ఉన్నట్టు రాసుడు విద్య గాదు, నకలు. స్వంత బుద్ధి ఉన్నవాళ్లకే పై చదువు. ఇంటి మట్టుకు ఈ చదువు చాలు."

నాన్న దండం పెట్టి గుమ్మందాకా సాగనంపారు. తన నోట్లో నా మాట ఇంకా ఆరకముందే ఆయన నాకు స్వంత బుద్ధి లేదని చెప్పి మెట్లు దిగారు.

నేను ఏడ్చానని రాస్తే బాగుంటుంది. ఏడవలేదు. మరునాడు పొద్దున మిగిలిన తొమ్మిది పద్యాలూ కట్టగట్టి పైన ఒక చీటీ గుచ్చాను. నోటితో చెప్పే ధైర్యం తెర వెనక ఒక్కసారి ఖర్చయిపోయింది. చీటీలో ఇలా రాశాను: "పండితులవారు నాకు స్వంత బుద్ధి లేదన్నారు. మిగిలిన తొమ్మిదింటికీ స్వంత బుద్ధి ఉన్న వారే వచనం రాయడం న్యాయం." మామ చదివి, చదివి, చీటీ మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

"తెర ఎనక పులి ఉన్నదని నాకు తెల్వదు" అని కట్ట తీసుకుని వెళ్లాడు.

పండితులవారు మూడు వారాలు తీసుకుని రెండు రాశారు. మొదటిది 'తరువు', అంటే చెట్టు. ఆ సంగతి మామ మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. నాన్న వింటున్నారు.

"పద్యంల వేరు ఉన్నది, కొమ్మ ఉన్నది, పిట్ట ఉన్నది, పండు ఉన్నది. వచనంల ఏమున్నదో తెలుసునా బావా? కావున పిల్లలు తల్లిదండ్రులను సేవించవలెను. చెట్టు యాడ పోయింది పంతులుగారు అంటే, అది అంతరార్థంల ఉన్నది అన్నడు. అంతరార్థాన్ని ఆ గుమాస్తా ఉర్దూల ఎట్ల పెడ్తడు?"

"మళ్ల రాయమను" అన్నారు నాన్న.

"అన్న. వరుసగ రాద్దామని కూసుంటడట. రెండో వస్తువు కాడికి వచ్చేసరికి 'కావున' వస్తదట. ఆయన చేతుల లేదట. నెలాఖరుకు దాఖలు చేయకుంటే ఈ సాలు కితాబు బడుల్లకు పోదు. ముప్పై ఒక్క వచనాల అక్షరాలు కట్టి పెట్టిన, విప్పితే గని పెళ్లి పత్రికలకు అక్షరాలు చాలవు. నా యంత్రం ఆగి కూసున్నది. ఎవరి కోసం? బుద్ధి లేదన్న నీ బిడ్డ కోసం."

"పండితులవారు చెప్పిన మాట అది. నేను చెప్పింది గాదు."

"నేను గూడ గదే అంటున్న. ఆయననే మళ్ల చెప్పమను."

నాన్న స్టేషన్‌లో బస్తాను చూసినట్టు మామను చూశారు, బరువు తూస్తూ. ఆ సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లారు. పండితులవారి ఇంటికే వెళ్లారట. అక్కడ నాన్న ఏమన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుని, "పొద్దుగాల వస్తరట" అని మాత్రం అమ్మతో అన్నారు.

పొద్దున పండితులవారు రాలేదు. ఆయన ఉత్తరం వచ్చింది, మామ చేతికిచ్చి పంపారు. మంచి కాగితం, రెండు వైపులా రాత. నాన్నకు గ్రాంథికం అందదు. "ఇందుల ఏమున్నదో జర మామూలు మాటల్ల చెప్పు బిడ్డా" అని నాకు ఇచ్చారు. నాన్న నేరుగా నన్ను ఒక పని అడగడం అరుదు. అలవాటు కొద్దీ ఉన్న వరుసలోనే చెప్పాను. ముందు ఆయన గురువుగారు ఉన్నారు, ఆయన మహాసముద్రం లాంటివారు. తరువాత పండితులవారు ఉన్నారు, ఆ సముద్రం నుంచి పుట్టిన చంద్రుడి లాంటివారు. తరువాత ఆయన ఇరవై ఏళ్ల బోధన ఉంది, అది వెన్నెల లాంటిది. తరువాత నలభై పద్యాలు ఉన్నాయి. తరువాత సమీపమునుండి దూరమునకు పోయే మార్గం ఉంది, దాన్ని కనిపెట్టింది ఆయనే. కాగితం వెనక్కి తిప్పాను. ఆయన పర్యవేక్షణలో కొంత రాతపని చేసిన ఒక బాలిక ఉంది. ఆ బాలిక పై తరగతులకు తగును.

"నీ ముచ్చట యాడ ఉన్నది?" అన్నారు నాన్న.

"ఆఖరి లైను నాన్నా. దస్తకత్తు మీద."

నాన్న కాగితం దగ్గరగా పెట్టుకుని ఆ లైను మీద వేలు నడిపారు. 'తగును' అన్న మాట దగ్గర వేలు ఆగింది. అది ఆయనకు అర్థమైన మాట. లేచి గూట్లోంచి కలం తెచ్చుకుని, అమ్మ ఎప్పుడో తెప్పించి దాచిన బడి దరఖాస్తు మీద, తండ్రి అని ఉన్నచోట దస్తకత్తు చేశారు. మామ పక్కనే నిలబడి తొమ్మిది పద్యాల కట్టను చంకలోంచి తీసి నా చేతికిచ్చాడు.

"నెలాఖరు, బిడ్డా" అన్నాడు.

ఆ పూటే పెన్సిల్ చెక్కుకుని 'తరువు' పద్యం ముందు పెట్టుకున్నాను. అందులో మొదటి పాదంలో పండు రాలింది. రెండో పాదంలో పిట్ట ఆ పండును కొమ్మ మీద కూర్చుని తిన్నది. మూడో పాదంలో చెట్టు పూత పూసింది. నాలుగో పాదంలో వేరు నీళ్లు తాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసి అలాగే రాశాను.